ప్రీఆర్డర్, ఇన్ఆర్డర్ ఇచ్చి బైనరీ ట్రీ గీయమంటే ఎలా చేయాలి?

డేటా స్ట్రక్చర్స్ పరీక్ష దగ్గరపడితే ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది: "రూట్ వరకు బాగానే వస్తోంది, ఎడమవైపు కూడా వచ్చేస్తోంది, కుడివైపుకి వెళ్లేసరికి ఎక్కడో తేడా కొడుతోంది. ఎందుకు?" అడిగినవాళ్ల రఫ్ పేపర్లు చూస్తే కారణం చాలావరకు ఒకటే. ఇన్ఆర్డర్‌ను సరిగ్గానే రెండు ముక్కలు చేస్తారు. ప్రీఆర్డర్‌ను మాత్రం ముక్కలు చేయకుండా, "తర్వాతి అంకె ఎడమ చైల్డ్ అయి ఉంటుంది" అని అలవాటుగా రాసేస్తారు. చాలా ట్రీలలో అది నిజమే అవుతుంది. ఎడమ సబ్‌ట్రీ లేని నోడ్ ఒకటి తగలగానే బొమ్మ తప్పుతుంది.

అందుకని కింది పద్ధతిలో ఒకే నియమం మీద నడుద్దాం. రూట్ ఎవరో ప్రీఆర్డర్ చెబుతుంది. ఎడమవైపు ఎన్ని, కుడివైపు ఎన్ని అన్నది ఇన్ఆర్డర్ చెబుతుంది. ఆ లెక్క పట్టుకునే ప్రీఆర్డర్‌ను కోయాలి. ఊహించి ఎక్కడా రాయకూడదు.

గుర్తు కోసం ఒక్క మాట. ప్రీఆర్డర్ అంటే రూట్, ఎడమ, కుడి. ఇన్ఆర్డర్ అంటే ఎడమ, రూట్, కుడి. ఇంతకు మించి థియరీ అక్కర్లేదు.

ఏమేం కావాలి

పెన్సిల్, రఫ్‌కి ఒక పేజీ. రెండు వరుసలనూ ప్రశ్నపత్రం మీదే చూస్తూ చేయకండి, రఫ్ పేజీలోకి దింపుకోండి. ఇన్ఆర్డర్‌ను పేజీ అడుగున, అంకెల మధ్య సమానంగా ఖాళీ వదిలి రాయండి. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది. ప్రీఆర్డర్‌ను పైన ఒక పక్కన రాసుకోండి.

ఈ ఉదాహరణ తీసుకుందాం:

```
preorder : 40 15 70 25 60 10 55 30 80
inorder  : 70 15 60 25 10 40 55 80 30
```

అంకెలు కనబడగానే దీన్ని బైనరీ సెర్చ్ ట్రీ అనుకోకండి. ఇన్ఆర్డర్ పెరిగే వరుసలో లేదు కాబట్టి ఇది మామూలు బైనరీ ట్రీ. చిన్నది ఎడమకి, పెద్దది కుడికి అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు.

మెట్లు

1. ముందు లెక్క చూసుకోండి. రెండు వరుసల్లోనూ 9 అంకెలు ఉన్నాయా? ఒకదానిలో ఉన్న ప్రతి అంకె రెండోదానిలో ఉందా? ఏదైనా రెండుసార్లు వచ్చిందా? దీనికి పావు నిమిషం కూడా పట్టదు. రాసుకునేటప్పుడు ఒక అంకె జారిపోతే మాత్రం ఆ తర్వాత చేసిందంతా వృథా అవుతుంది, తప్పు ఎక్కడుందో కూడా దొరకదు.

2. రూట్ తీసుకుని ఇన్ఆర్డర్‌ను కోయండి. ప్రీఆర్డర్‌లో మొదటిది 40. అదే రూట్. ఇన్ఆర్డర్‌లో 40 ఎక్కడుందో చూసి దాని చుట్టూ గీత గీయండి. దాని ఎడమవైపు 70 15 60 25 10, అంటే 5 నోడ్లు. కుడివైపు 55 80 30, అంటే 3 నోడ్లు. 5, 3 అని పక్కనే రాసుకోండి. చాలామంది రాయకుండా వదిలేసేది ఈ లెక్కనే. తర్వాతి మెట్టు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.

3. అదే లెక్కతో ప్రీఆర్డర్‌ను కోయండి. ప్రీఆర్డర్‌లో 40 తీసేస్తే మిగిలినవి 8. వాటిలో మొదటి 5 ఎడమ సబ్‌ట్రీవి, చివరి 3 కుడి సబ్‌ట్రీవి. రఫ్ పేపర్ మీద ఇలా ఉంటుంది:

```
40   in : 70 15 60 25 10 | 55 80 30    (5, 3)
     pre: 15 70 25 60 10 | 55 30 80
```

ఇక్కడ ఆగి ఒక చిన్న చెక్ చేయండి. గీతకి ఎడమవైపు పైవరుసలోనూ కింది వరుసలోనూ అవే అంకెలు ఉండాలి. వరుస మారవచ్చు, అంకెలు మారకూడదు. పైన 70 15 60 25 10, కింద 15 70 25 60 10. రెండూ ఒకే గుంపు, కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. ఒక్క అంకె తేడా వచ్చినా ముందుకు వెళ్లకండి. మీరు లెక్క తప్పారో, రాసుకోవడంలో పొరపాటు జరిగిందో, లేక ఇచ్చిన వరుసలే తప్పో తేల్చుకోవాలి.

ఇప్పుడు మన చేతిలో రెండు చిన్న ప్రశ్నలు ఉన్నాయి. ప్రతి గుంపుకీ సొంతంగా ఒక ప్రీఆర్డర్, ఒక ఇన్ఆర్డర్ ఉన్నాయి. ఒక్కోదాని మీద 2, 3 మెట్లు మళ్లీ చేయాలి. ముందు ఎడమ గుంపు పూర్తి చేయండి, కుడి గుంపు జోలికి అప్పుడే వెళ్లకండి.

ఎడమ గుంపులో ప్రీఆర్డర్ 15 70 25 60 10. మొదటిది 15, అంటే 40కి ఎడమ చైల్డ్ 15. ఇన్ఆర్డర్ 70 15 60 25 10లో 15కి ఎడమవైపు 1, కుడివైపు 3.

```
15   in : 70 | 60 25 10    (1, 3)
     pre: 70 | 25 60 10
```

70 ఒక్కటే మిగిలింది కాబట్టి అది 15కి ఎడమ చైల్డ్, లీఫ్. కుడివైపు మూడింట్లో ప్రీఆర్డర్ ప్రకారం మొదటిది 25. ఇన్ఆర్డర్‌లో 25కి ఎడమన 60, కుడిన 10. రెండూ లీఫ్‌లే. ఎడమ సగం అయిపోయింది.

ఇక కుడి గుంపు. తప్పులన్నీ జరిగేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చూద్దాం. ప్రీఆర్డర్ 55 30 80, ఇన్ఆర్డర్ 55 80 30. రూట్ 55. ఇన్ఆర్డర్‌లో 55కి ఎడమవైపు ఏమీ లేదు, కుడివైపు 2 ఉన్నాయి.

```
55   in : (లేదు) | 80 30    (0, 2)
     pre: (లేదు) | 30 80
```

సున్నా కూడా ఒక లెక్కే, దాన్నీ రాయండి. ఎడమవైపు 0 కాబట్టి ప్రీఆర్డర్‌లో 55 తర్వాత వచ్చిన 30 ఎడమ చైల్డ్ కాదు, కుడి చైల్డ్. ఇప్పుడు మిగిలిన గుంపు: ప్రీఆర్డర్ 30 80, ఇన్ఆర్డర్ 80 30. రూట్ 30. ఇన్ఆర్డర్‌లో 80 దానికి ఎడమన ఉంది. లెక్క (1, 0). కాబట్టి 80 అనేది 30కి ఎడమ చైల్డ్.

4. ఇన్ఆర్డర్ నిలువు గళ్లలో బొమ్మ గీయండి. పేజీ అడుగున సమాన దూరంలో రాసిన ఇన్ఆర్డర్ ఇప్పుడు పనికొస్తుంది. ప్రతి నోడ్‌ను ఇన్ఆర్డర్‌లో అది ఉన్న చోటికి సరిగ్గా నిలువుగా పైన పెట్టండి. ఎంత ఎత్తున అన్నది లెవెల్‌ని బట్టి. రూట్ అన్నిటికంటే పైన, దాని పిల్లలు ఒక వరుస కింద, అలా.

```
                    40
    15                  55
70          25                  30
        60      10          80
------------------------------------
70  15  60  25  10  40  55  80  30
```

తర్వాత పేరెంట్ నుంచి చైల్డ్‌కి గీతలు కలపండి: 40 నుంచి 15కీ 55కీ, 15 నుంచి 70కీ 25కీ, 25 నుంచి 60కీ 10కీ, 55 నుంచి 30కి, 30 నుంచి 80కి. ఒక్క చైల్డ్ ఉన్న నోడ్ దగ్గర గీత నిటారుగా కిందికి గీయడం మరో సాధారణ తప్పు. 55 కింద 30ని నిటారుగా గీస్తే అది ఎడమో కుడో దిద్దేవాళ్లకి తెలియదు. ఈ గళ్ల పద్ధతిలో ఏ రెండు నోడ్లూ ఒకే నిలువులో ఉండవు కాబట్టి ఆ సమస్యే రాదు. ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించేటప్పుడు కూడా ఆ వాలు అలాగే ఉంచండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

గీసిన బొమ్మ నుంచి ప్రీఆర్డర్, ఇన్ఆర్డర్ రెండూ మళ్లీ రాయండి. రెండూ, ఒకటి చాలదు. ఎందుకో మన ట్రీలోనే చూపిస్తాను.

ఎవరైనా 80ని 30కి కుడివైపు పెట్టారనుకోండి. ఆ తప్పు బొమ్మ నుంచి ప్రీఆర్డర్ రాస్తే 40 15 70 25 60 10 55 30 80 వస్తుంది. ప్రశ్నలో ఇచ్చినదే! ప్రీఆర్డర్ ఒక్కటి చూసి టిక్ పెట్టినవాళ్లకి తప్పు దొరకదు. ఇన్ఆర్డర్ రాస్తే చివర 55 30 80 వస్తుంది, ఇచ్చింది 55 80 30. అక్కడ దొరికిపోతుంది.

ఇంకొకరు 55కి కుడి చైల్డ్‌గా 80 పెట్టి, 80కి కుడి చైల్డ్‌గా 30 పెట్టారనుకోండి. ఈసారి ఇన్ఆర్డర్ 55 80 30 సరిగ్గా సరిపోతుంది. ప్రీఆర్డర్ మాత్రం 55 80 30 అవుతుంది, ఇచ్చింది 55 30 80. ఒక తప్పుని ఒక వరుస పట్టుకుంటుంది, ఇంకో తప్పుని ఇంకో వరుస పట్టుకుంటుంది.

చెక్ చేసేటప్పుడు ప్రశ్నలోని వరుసను చూస్తూ రాయకండి. కళ్లు ఇచ్చిన వరుస మీదకి వెళ్లిపోయి, చెయ్యి అదే రాసేస్తుంది. ప్రశ్నపత్రం బోర్లించి, బొమ్మ ఒక్కటే చూసి రాశాక అప్పుడు పోల్చండి. నాలుగో మెట్టులోలా గళ్లలో గీసి ఉంటే సగం పని అయిపోయినట్టే. అన్ని గీతలూ సరైన వైపుకే ఉండి, ఏ గీతా పైనున్న నోడ్ నిలువును దాటకపోతే ఇన్ఆర్డర్ దానంతట అదే సరిపోతుంది, ప్రీఆర్డర్ చెక్ మీద దృష్టి పెట్టవచ్చు.

సమయం తక్కువ ఉంటే: ఇంకో దారి

బైనరీ సెర్చ్ ట్రీలో ఇన్సర్ట్ చేయడం మీకు బాగా వచ్చు అనుకుంటే ఇది వేగంగా అవుతుంది. ఇన్ఆర్డర్‌లో ప్రతి నోడ్‌కి ఎడమ నుంచి 1, 2, 3 అని స్థానం నంబర్ ఇవ్వండి. మన ఉదాహరణలో 70కి 1, 15కి 2, 60కి 3, 25కి 4, 10కి 5, 40కి 6, 55కి 7, 80కి 8, 30కి 9. ఇప్పుడు ప్రీఆర్డర్‌ను ఆ నంబర్లలో రాయండి:

```
40 15 70 25 60 10 55 30 80
 6  2  1  4  3  5  7  9  8
```

కింది వరుసను ఖాళీ బైనరీ సెర్చ్ ట్రీలో ఒక్కొక్కటిగా ఇన్సర్ట్ చేయండి. 6 రూట్. 2 దాని ఎడమ. 1 అనేది 2కి ఎడమ, 4 అనేది 2కి కుడి, 3, 5 రెండూ 4 కింద. 7 అనేది 6కి కుడి, 9 అనేది 7కి కుడి, 8 అనేది 9కి ఎడమ. నంబర్ల స్థానంలో అసలు అంకెలు పెడితే మన ట్రీయే. స్థానం నంబర్ల దృష్టిలో ఏ బైనరీ ట్రీ అయినా సెర్చ్ ట్రీయే కాబట్టి ఇది పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ దారిలో ఇన్ఆర్డర్ ఎప్పుడూ సరిపోతుంది, ఇచ్చిన వరుసలు తప్పైనా సరే. కాబట్టి చివర ప్రీఆర్డర్ చెక్ తప్పనిసరి.

మార్కులు మెట్లకి కూడా ఇచ్చే పేపర్‌లో అయితే కోత పద్ధతే రాయండి. ఈ నంబర్ల దారిని రఫ్‌లో జవాబు సరిచూసుకోవడానికి వాడుకోండి.

ఇచ్చిన వరుసలే తప్పైతే?

అన్ని జతలకీ ట్రీ ఉండదు. ప్రీఆర్డర్ 1 2 3, ఇన్ఆర్డర్ 3 1 2 అనుకోండి. రూట్ 1. ఇన్ఆర్డర్‌లో ఎడమన 3 ఒక్కటే, కుడిన 2. ప్రీఆర్డర్‌లో 1 తర్వాత మొదటి ఒక్కటి తీస్తే 2 వస్తుంది, కానీ ఎడమ గుంపులో ఉండాల్సింది 3. మూడో మెట్టులోని చెక్ ఇక్కడే ఆపేస్తుంది. ప్రీఆర్డర్ 1 2 3కి ఇన్ఆర్డర్‌గా రాయగల 6 అమరికల్లో ట్రీ దొరకనిది ఇదొక్కటే, మిగతా 5 అమరికలకి ఒక్కో ట్రీ ఉంది. పరీక్షలో ఇలా ఎదురైతే ముందు మీరు రాసుకున్నది ప్రశ్నపత్రంతో పోల్చండి. అదీ సరిపోతే, ఏ నోడ్ దగ్గర రెండు గుంపులు కలవలేదో చూపించి "ఈ జతకి బైనరీ ట్రీ లేదు" అని రాయండి.

ఒకే విలువ రెండుసార్లు వచ్చినా చిక్కే. రెండు వరుసలూ 5 5 అయితే రెండో 5 ఎడమన ఉన్నా, కుడిన ఉన్నా అవే వరుసలు వస్తాయి. ఒకే జవాబు రావాలంటే విలువలన్నీ వేర్వేరుగా ఉండాలి.

ప్రశ్న కొంచెం మారితే

ప్రీఆర్డర్‌కి బదులు పోస్ట్ఆర్డర్ ఇస్తే రూట్ చివర ఉంటుంది. మన ట్రీ పోస్ట్ఆర్డర్ 70 60 10 25 15 80 30 55 40. చివరి 40 తీసేసి, ఇన్ఆర్డర్ ఇచ్చిన 5, 3 లెక్కతో ముందు నుంచే కోయండి: 70 60 10 25 15, ఆ తర్వాత 80 30 55. ప్రతి గుంపులోనూ చివరిదే రూట్. మిగతాదంతా అదే.

ప్రీఆర్డర్, పోస్ట్ఆర్డర్ రెండే ఇచ్చి ఇన్ఆర్డర్ ఇవ్వకపోతే ఒకే జవాబు గ్యారంటీ లేదు. మన ట్రీలో 55కి చైల్డ్ ఒక్కటే, 30కి కూడా ఒక్కటే. ఆ చైల్డ్‌ని ఎడమకి మార్చినా, కుడికి మార్చినా ప్రీఆర్డర్, పోస్ట్ఆర్డర్ మారవు. అంటే ఆ రెండు వరుసలకీ 4 ట్రీలు సరిపోతాయి.

బైనరీ సెర్చ్ ట్రీ అని ప్రశ్నలోనే చెబితే ప్రీఆర్డర్ ఒక్కటే చాలు, ఇన్ఆర్డర్ మీరే రాసుకోవచ్చు. 2013 గేట్ పేపర్‌లో 30, 20, 10, 15, 25, 23, 39, 35, 42 అనే ప్రీఆర్డర్ ఇచ్చి పోస్ట్ఆర్డర్ అడిగారు. అంకెల్ని పెరిగే వరుసలో పెట్టండి: 10 15 20 23 25 30 35 39 42. ఇదే ఇన్ఆర్డర్. 30 దగ్గర లెక్క మళ్లీ (5, 3). అలా కోసుకుంటూ వెళ్తే పోస్ట్ఆర్డర్ 15, 10, 23, 25, 20, 35, 42, 39, 30 వస్తుంది. ఇలాంటి ఆప్షన్ల ప్రశ్నలో ట్రీ మొత్తం గీయకముందే కొన్ని ఆప్షన్లు కొట్టేయవచ్చు: చివరిది 30 కాని ఆప్షన్ తప్పు, మొదటి ఐదింట్లో 30 కంటే పెద్దది ఉన్న ఆప్షన్ తప్పు.

ఫంక్షన్ రాయమంటే

బొమ్మతో పాటు సీ ఫంక్షన్ కూడా అడుగుతుంటారు. పైన చేత్తో చేసిందే ఇది:

```c
int p = 0;   /* preorder index */

struct node *build(int pre[], int in[], int lo, int hi) {
    if (lo > hi) return NULL;
    struct node *t = malloc(sizeof *t);
    t->data = pre[p++];
    int k = lo;
    while (in[k] != t->data) k++;
    t->left  = build(pre, in, lo, k - 1);
    t->right = build(pre, in, k + 1, hi);
    return t;
}
```

మొదటిసారి `build(pre, in, 0, n - 1)` అని పిలవాలి. ఇందులో ప్రీఆర్డర్‌ను కోయడం కనిపించదు, కానీ జరుగుతోంది. `p` ముందుకే కదులుతుంది, ఎడమ సబ్‌ట్రీ తనకి కావాల్సినన్ని తీసుకున్నాక కుడి సబ్‌ట్రీ మొదలవుతుంది. అందుకే ఎడమ కాల్ ముందు రాయాలి. ఆ రెండు లైన్లు తారుమారైతే 40కి కుడివైపు గుంపు 15ని వెతుకుతుంది. అది అక్కడ ఉండదు, `while` లూప్ అర్రే దాటి పోతుంది. పోస్ట్ఆర్డర్‌కి ఇదే ఫంక్షన్ మార్చాలంటే చివరి నుంచి వెనక్కి రావాలి, అప్పుడు కుడి కాల్ ముందు రావాలి.

గ్లోబల్ వేరియబుల్ వద్దనుకుని ప్రీఆర్డర్‌కి కూడా మొదలు, చివర పంపేవాళ్లు ఒక తప్పు తరచూ చేస్తారు. ఎడమవైపు ఎన్ని ఉన్నాయో లెక్కకి `k` వాడతారు, రావాల్సింది `k - lo`. ఎడమ అంచు వెంట ఉన్న నోడ్ల దగ్గర `lo` సున్నాయే కాబట్టి తేడా తెలియదు. మన ట్రీలో 55 దగ్గరికి వచ్చేసరికి `lo` 6, `k` 6. అసలు లెక్క 0, వాళ్లకి 6 వస్తుంది. ఫంక్షన్‌ని చేత్తో ట్రేస్ చేసి చూడాలనుకుంటే రూట్ దగ్గర కాదు, ఇలా కుడివైపు ఉన్న నోడ్ దగ్గర ట్రేస్ చేయండి.

టైమ్ కాంప్లెక్సిటీ అడిగితే ఈ ఫంక్షన్‌కి వర్స్ట్ కేస్ O(n²) అని రాయండి. ప్రతి నోడ్‌కీ ఎడమ చైల్డ్ మాత్రమే ఉన్న ట్రీలో రూట్ ప్రతిసారీ ఇన్ఆర్డర్ ముక్క చివర ఉంటుంది, దాన్ని వెతకడానికి ముక్క మొత్తం తిరగాలి. అన్నీ కుడివైపే ఉన్న ట్రీలో మాత్రం రూట్ ముక్క మొదట్లోనే దొరుకుతుంది, అక్కడ O(n)లోనే అయిపోతుంది. ఇన్ఆర్డర్‌లో ప్రతి విలువ స్థానాన్ని ముందే ఒక టేబుల్‌లో రాసి పెట్టుకుంటే ఏ ట్రీకైనా O(n).